విత్‌డ్రా రోజునే గుర్తొచ్చే జాగ్రఫీ

ఆన్‌లైన్ క్యాసినోల మీద జనం ఈమధ్య మరీ అన్యాయంగా మాట్లాడేస్తున్నారు. మోసం అంటారు, దోపిడీ అంటారు, గెలిచిన డబ్బు అడిగితే అకౌంట్ మూసేశారని స్క్రీన్‌షాట్లు పెట్టి ఏడుస్తారు, అంతేగానీ ఆ సైట్లు భూగోళ శాస్త్రానికి చేస్తున్న సేవ గురించి ఒక్కడంటే ఒక్కడు నాలుగు మంచి ముక్కలు రాసిన పాపాన పోలేదు. మన స్కూళ్ళలో సోషల్ సారు పదేళ్ళు మొత్తుకున్నా ఎక్కని పాఠం, అంటే నువ్వు ఏ దేశంలో ఉన్నావ్, ఏ రాష్ట్రంలో ఉన్నావ్, ఆ రెండిటికీ తేడా ఏంటి అనేది, ఈ సైట్లు ఒక్క ఈమెయిల్‌తో జన్మలో మర్చిపోకుండా నేర్పిస్తాయి. ఫీజు కాస్త ఎక్కువ, అంతే.

వాళ్ళ పద్ధతి చాలా నియమబద్ధం. డబ్బు లోపలికి వచ్చేటప్పుడు వర్జ్యం లేదు, రాహుకాలం లేదు, అర్ధరాత్రి అమావాస్య అయినా ఫర్వాలేదు. డబ్బు బయటికి వెళ్ళేటప్పుడు మాత్రం పంచాంగం మొత్తం తిరగేస్తారు.

ఉదాహరణకి ఒక కుర్రాణ్ణి ఊహించుకుందాం. కూకట్‌పల్లిలో ఉంటాడు, పేరు అనవసరం, ఆ పేరు సైటుకీ చివరిదాకా అవసరం పడదు. ఏదో టెలిగ్రామ్ గ్రూపులో లింకు చూశాడు, నొక్కాడు, ఓపెన్ కాలేదు, ఎందుకంటే మన దేశంలో ఇలాంటి సైట్లని ప్రభుత్వం బ్లాక్ చేయిస్తూ ఉంటుంది. గ్రూపులో అడిగితే అడ్మిన్ అన్న వెంటనే సాయం చేశాడు, "వీపీఎన్ వేస్కో తమ్ముడూ, ఫిన్లాండ్ పెట్టు, స్మూత్‌గా ఆడుద్ది." వీపీఎన్ అంటే మన నెట్‌ని వేరే దేశంలో ఉన్న సర్వర్ మీదుగా తిప్పి, మనం అక్కడే ఉన్నట్టు చూపించే సాఫ్ట్‌వేర్. మనవాడు అయినా జాగ్రత్తపరుడే, సైటులోకి వెళ్ళాక లైవ్ చాట్‌లో కూడా అడిగాడు, వీపీఎన్ వాడితే ఏమన్నా ప్రాబ్లమా అండీ అని. అవతల కూర్చున్న పిల్ల ఓ నవ్వు బొమ్మ పెట్టి నో ప్రాబ్లం సార్, ఎంజాయ్ యువర్ గేమ్ అంది. ఇంకేం కావాలి మనిషికి.

అలా మన కుర్రాడు సాక్షాత్తూ ఫిన్లాండ్ వాసి అయ్యాడు. అయితే ఈ ఫిన్లాండ్ వాసి అకౌంట్ తెరిచిన ఫోన్ నంబరు ప్లస్ తొంభై ఒకటితో మొదలవుతుంది. కరెన్సీ దగ్గర రూపాయి ఎంచుకున్నాడు. డబ్బు యూపీఐలో పంపాడు, అదీ సైటు చూపించిన క్యూఆర్ కోడ్‌కి, ఆ కోడ్ కొడితే క్యాసినో పేరు రాదు, ఎక్కడో వేరే రాష్ట్రంలో కిరాణా షాపో మొబైల్ రిపేర్ షాపో పెట్టుకున్నోడి పేరు వస్తుంది, రేపు ఇంకో పేరు వస్తుంది. లాబీలో, అంటే ఆటలన్నీ వరసగా పెట్టిన పేజీలో, మొట్టమొదట కనబడేవి తీన్ పత్తీ, అందర్ బాహర్. ఇన్ని చూశాక కూడా ఆ సైటుకి ఒక్క క్షణం అనుమానం రాలేదు. హెల్సింకీలో మంచులో కూర్చుని యూపీఐలో రూపాయలు పంపి లోనా బయటా ఆడే పెద్దమనిషిని వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్మారు. అంత నమ్మకం ఈ రోజుల్లో సొంత బావమరిదికి కూడా దొరకదు.

మొదటి నెలలో కుర్రాడు నాలుగుసార్లు ఐదేసి వేలు వేశాడు, నాలుగుసార్లూ పోయాయి. మొత్తం ఇరవై వేలు. ఈ ఇరవై వేలు పోయేటప్పుడు వీపీఎన్ ఆన్‌లోనే ఉంది, ఫిన్లాండ్ ఫిన్లాండ్‌గానే ఉంది, ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. ఐదోసారి పదివేలు వేస్తే ఇంకో పదివేలు బోనస్ ఇచ్చారు, బోనస్‌కి నలభై రెట్లు పందెం తిప్పితేగానీ డబ్బు బయటికి రాదని షరతు, అంటే మొత్తం మీద నాలుగు లక్షల పందెం. నూటికి తొంభై ఆరు తిరిగొచ్చే స్లాట్ మెషీన్ మీద నాలుగు లక్షలు తిప్పితే సగటున పదహారు వేలు హరీ, చేతిలో ఉన్నది ఇరవై వేలు, కాబట్టి చాలామందికి ఇక్కడే కథ కంచికి వెళ్ళిపోతుంది. మనవాడికి మాత్రం ఆ రాత్రి గ్రహాలు కలిసొచ్చాయి, ఏదో స్లాట్‌లో పెద్దది తగిలింది, షరతు పూర్తయ్యేసరికి బాలెన్స్ మూడు లక్షల ఎనభై వేలు. విత్‌డ్రా నొక్కాడు.

అప్పుడు సైటు నిద్ర లేచింది.

కేవైసీ అన్నారు. ఆధార్ పెట్టమన్నారు, సెల్ఫీ పెట్టమన్నారు, మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, అడ్రస్ ప్రూఫ్. అన్నీ పెట్టాడు, ఎందుకంటే తన పేరు తనదే, తన బ్యాంకు తనదే, దాచడానికేముంది. ఆధార్ మీద ఉన్న అడ్రస్ కూకట్‌పల్లి. రెండ్రోజులకి మెయిల్ వచ్చింది, డియర్ వాల్యూడ్ ప్లేయర్ అని మొదలుపెట్టి. మా రిస్క్ టీమ్ పరిశీలనలో మీరు మీ అసలు లొకేషన్ దాచే సాఫ్ట్‌వేర్ వాడారని తేలింది, ఇది మా నిబంధనల ఫలానా పేరాకి విరుద్ధం, కావున మీ గెలుపు మొత్తం రద్దు, అకౌంట్ మూసివేత, అయినా మేము మంచివాళ్ళం కాబట్టి మీ చివరి డిపాజిట్ పదివేలు వెనక్కి ఇస్తున్నాం, ఈ నిర్ణయం ఫైనల్.

ముందు ఆ పరిశీలన ఎలా చేస్తారో చెప్పుకోవాలి, ఎందుకంటే అదేదో సీఐడీ లెవెల్ దర్యాప్తు అని కుర్రాడు ఇప్పటికీ అనుకుంటున్నాడు. వీపీఎన్ కంపెనీలు తమ సర్వర్లని ఎవరి ఇంట్లోనూ పెట్టవు, డేటా సెంటర్లలో అద్దెకి తీసుకుంటాయి. ఐపీ నంబరంటే నెట్‌లో ప్రతి కనెక్షన్‌కీ ఉండే అడ్రస్ లాంటిది, ఏ ఐపీ నంబర్ల వరస ఇంటర్నెట్ కనెక్షన్ కంపెనీది, ఏది డేటా సెంటర్‌ది అనేది బహిరంగ సమాచారమే, పైగా ఆ లిస్టుల్ని శుభ్రంగా సర్ది నెలకింత అని అమ్మే కంపెనీలు ఉన్నాయి, మ్యాక్స్‌మైండ్ లాంటివి. కాబట్టి కుర్రాడు ఫిన్లాండ్ నుంచి లాగిన్ అయిన మొదటి సెకనులోనే ఇది ఇంటి కనెక్షన్ కాదు, వీపీఎన్ అని తెలుసుకోవడం సైటుకి చిటికెలో పని. పైగా బ్రౌజర్ అడిగినోడికల్లా తన టైమ్ జోన్ చెప్పేస్తుంది, ఐపీ హెల్సింకీ అంటుంటే బ్రౌజర్ మాత్రం `Asia/Kolkata` అంటుంది. వీపీఎన్ మధ్యలో ఒక్క పది సెకన్లు తెగి మళ్ళీ కలిస్తే ఆ పది సెకన్లు అసలు ఐపీ, అంటే మన జియోనో ఎయిర్‌టెలో, లాగ్‌లో పడి కూర్చుంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకి హెల్సింకీలో ఉన్న మనిషి తొమ్మిది ముప్పై ఒకటికి హైదరాబాద్‌లో, తొమ్మిది ముప్పై రెండుకి మళ్ళీ హెల్సింకీలో. ఆంజనేయుడు సంజీవని కోసం వెళ్ళినప్పుడు కూడా ఇంకొంచెం టైమ్ తీసుకున్నాడు.

వీపీఎన్ వాడినోడికి ఇంకో ఇబ్బంది ఉంది, దీని సంగతి చాలామందికి మెయిల్ వచ్చేదాకా తెలీదు. ఆ సర్వర్ ఐపీ మనవాడొక్కడిదే కాదు, అదే గ్రూపులో అదే అడ్మిన్ మాట విని అదే ఫిన్లాండ్ పెట్టుకున్న అందరిదీ అదే. సైటు రికార్డులో చూస్తే ఒకే ఐపీ నుంచి బోలెడు అకౌంట్లు, అందరూ అదే వెల్‌కమ్ బోనస్ తీసుకున్నవాళ్ళే. అప్పుడు లొకేషన్ దాచాడన్న నేరానికి తోడు, ఒకే మనిషి పది అకౌంట్లు పెట్టి బోనస్ కొట్టేస్తున్నాడన్న నేరం కూడా అంటుకుంటుంది, ఆ రెండోది మొదటిదాని కంటే పెద్దది, దాన్లో ఆ పదివేలు కూడా రావు.

ఈ వివరాలన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఇవేవీ విత్‌డ్రా రోజున కొత్తగా పుట్టినవి కావు. మొదటి ఐదువేలు వేసినప్పుడే సైటు కంప్యూటర్లో రాసిపెట్టి ఉన్నాయి. చూడటానికి పైసా ఖర్చు లేదు. చూడలేదు. ఒక మనిషి గురించి చెడు వినకూడదని చెవులు మూసుకునే సంస్కారం అది, ఆ మనిషి ఓడిపోతున్నంతకాలం ఎంతకీ సడలదు.

ఇప్పుడు ఆ నిబంధన సంగతి. దానికి అసలు కారణమే లేదని, ఊరికే ఎగ్గొట్టడానికి రాసుకున్నారని అనేవాళ్ళున్నారు, అది తప్పు, కారణం ఉంది, గట్టిదే. లైసెన్స్ ఇచ్చే దేశాలు చాలావరకు ఫలానా దేశాల వాళ్ళని ఆడించకూడదని షరతు పెడతాయి. పైగా మీరు సైటులో చూసే ఆటలు ఆ సైటువి కావు, వేరే కంపెనీలు తయారుచేసి అద్దెకిచ్చినవి, ఆ కంపెనీలకి ఒక్కో ఆటకీ ఒక్కో దేశాల లిస్టు ఉంటుంది, ఈ ఆట ఇక్కడ చూపించకు, ఆ ఆట అక్కడ చూపించకు అని. అందుకే కూకట్‌పల్లి నుంచి నేరుగా వెళ్తే లాబీలో కొన్ని ఆటలు కనబడవు, ఫిన్లాండ్ పెడితే ప్రత్యక్షమవుతాయి. ఈ లెక్కలో సైటు మన దేశపు ఆటగాళ్ళని తీసుకున్నా సరే, ఆ ఒక్క ఆట మన దేశానికి లేనిదైతే అందులో గెలిచింది చెల్లదు. చాలా సైట్లలో ఇంకో మెట్టు కూడా ఉంది, నీ దేశం లిస్టులో లేకపోయినా, నీ ఆట లిస్టులో లేకపోయినా, వీపీఎన్ వాడటమే తప్పు అని విడిగా ఓ వాక్యం. అంటే ఏ కారణంతో వాడావు, ఎవరు వాడమన్నారు, దానివల్ల నీకు లాభమేంటి అన్నది ప్రశ్నే కాదు.

చాట్‌లో పిల్ల నో ప్రాబ్లం అంది కదా అని మనవాడు స్క్రీన్‌షాట్ తీసుకెళ్ళాడు పాపం. దానికీ ఒక పేరా ఉంటుంది, మా కస్టమర్ సపోర్ట్ చెప్పిన దానికీ ఈ నిబంధనలకీ తేడా వస్తే ఈ నిబంధనలే చెల్లుతాయి అని. ఆ పేరా రాసిన లాయర్ ఎవడో గానీ దండేసి దండం పెట్టాలి. ఆ పిల్ల నోటికి ఏ మాటైనా చెప్పే స్వేచ్ఛ ఇచ్చాడు, ఆ మాటకి ఏ విలువా లేకుండా చేశాడు, రెండూ ఒకే వాక్యంలో.

సరే, నిబంధన నిబంధనే అనుకుందాం. కుర్రాడు ఆడటానికే అనర్హుడు అనుకుందాం. అప్పుడు మొదటి నెలలో పోయిన ఇరవై వేల మాటేంటి? ఆట చెల్లకపోతే గెలుపూ చెల్లదు, ఓటమీ చెల్లదు, ఎవరు పెట్టింది వాళ్ళకి ఇచ్చేసి నమస్కారం పెట్టుకోవాలి, చింతచెట్టు కింద పంచాయతీలో కూడా ఇంతే తీర్పు వస్తుంది. ఇక్కడ అలా కాదు. ఓడిన నాలుగు ఆటల్లో కుర్రాడు ఫిన్లాండ్‌లోనే ఉన్నాడు, గెలిచిన ఒక్క ఆటలోనే కూకట్‌పల్లిలో ఉన్నాడు. సైటు వైపు నుంచి లెక్క వేసి చూడండి, ముప్పై వేలూ ఓడిపోయుంటే ముప్పై వేలు వాళ్ళవి, మూడు లక్షల ఎనభై వేలు గెలిచాడు కాబట్టి పదివేలు వెనక్కిచ్చి ఇరవై వేలు వాళ్ళవి. వాడు గెలవడం వల్ల వాళ్ళకి వచ్చిన నష్టం పదివేలు, అది కూడా వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి. క్యాసినోకి ఎప్పుడూ నూటికి మూడో నాలుగో మిగులుతుందని పుస్తకాల్లో రాసే గణిత మేధావులు ఈ పేరా సంగతి లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

గుమ్మం దగ్గరే ఆపేయొచ్చు కదా అని అమాయకంగా అడిగేవాళ్ళకి, అలా ఆపే మోటు ప్రదేశాలు కూడా ఉన్నాయి. అమెరికాలో న్యూజెర్సీ తీసుకోండి, 2013 నవంబర్ నుంచి అక్కడ ఆన్‌లైన్ క్యాసినో చట్టబద్ధం, కానీ రాష్ట్ర సరిహద్దు లోపల ఉంటేనే. ఎడిసన్‌లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, వాళ్ళలో ఒకడు ఇంట్లో కూర్చుని ఫోన్‌లో బ్లాక్‌జాక్ ఆడొచ్చు, పొద్దున్నే రైలెక్కి హడ్సన్ నది దాటి న్యూయార్క్‌లో అడుగుపెడితే అదే యాప్ పందెం తీసుకోదు. జియోకంప్లై అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఫోన్ జీపీఎస్, చుట్టుపక్కల వైఫైలు, ఐపీ, అన్నీ కలిపి చూస్తుంది, వీపీఎన్ ఆన్‌లో ఉంటే ముందు అది తీసెయ్ అంటుంది, ఆట మధ్యలో కూడా మళ్ళీ మళ్ళీ చూస్తూనే ఉంటుంది. మొదట్లో సరిహద్దుకి దగ్గర్లో ఇళ్ళున్న వాళ్ళని, న్యూజెర్సీలోనే ఉన్నా, మీరు బయట ఉన్నారు పొమ్మనేది. జనం తిట్టుకున్నారు. కానీ ఎవడి డబ్బూ పోలేదు, ఎందుకంటే తీసుకోలేదు కాబట్టి. ఎంత అనాగరికం చూడండి, గిరాకీ దగ్గర డబ్బు తీసుకోకముందే అనుమానించడం.

బ్రిటన్ వాళ్ళదీ అదే తంతు. అక్కడా డిపాజిట్ అప్పుడు రా రమ్మని, విత్‌డ్రా అప్పుడు కాయితాలు అడిగేవాళ్ళు, ఫిర్యాదులు కుప్పలుగా వచ్చాయి, దాంతో గ్యాంబ్లింగ్ కమిషన్ 2019 మే నుంచి కొత్త రూలు పెట్టింది, పేరు, వయసు, అడ్రస్ ఆడకముందే తేల్చుకోండి, ముందే అడగగలిగిన కాయితం విత్‌డ్రా అప్పుడు అడిగి డబ్బు ఆపకండి అని. అంటే సాంకేతికంగా కుదరని పనేం కాదన్నమాట. లైసెన్స్ ఇచ్చేవాడికి మనసుంటే కుదురుతుంది.

మన కుర్రాడి సైటుకి లైసెన్స్ ఇచ్చింది ఎవరంటే, పేజీ అట్టడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది, చాలావాటికి కురసావ్. వెనిజులా పక్కన సముద్రంలో ఉన్న ద్వీపం, నెదర్లాండ్స్ రాజ్యంలో భాగం, 444 చదరపు కిలోమీటర్లు, అంటే పాత జీహెచ్ఎంసీ కంటే చిన్నది. అక్కడ ఏళ్ళతరబడి నాలుగు కంపెనీల దగ్గర మాస్టర్ లైసెన్సులుండేవి, వాళ్ళు కింద సబ్ లైసెన్సులు ఇచ్చుకుంటూ పోయేవాళ్ళు, ఫిర్యాదు చేయాలంటే ఆ ఇచ్చినోడికే చేయాలి. 2024 డిసెంబర్‌లో కొత్త చట్టం వచ్చి ఆ పద్ధతి తీసేశారు, ఇప్పుడు ప్రభుత్వ సంస్థే నేరుగా లైసెన్స్ ఇస్తుంది. మంచిదే. కానీ నువ్వు ఒప్పుకున్న నిబంధనల్లో వీపీఎన్ వాడను అని ఉంది, వాడావు, అని సైటు ఒక్క ముక్క చెప్తే అక్కడివాడైనా చేసేదేముంది. కుర్రాడు అబద్ధం చెప్పింది నిజమే కదా. ఈ మొత్తం ఏర్పాటులో అందం అదే, మోసపోయినోడి చేతే ముందు ఒక చిన్న అబద్ధం ఆడిస్తారు.

ఇదంతా పరదేశపు విద్య, మనకేం తెలుసు అనుకోకండి. లొకేషన్ రాజకీయంలో మన తెలుగువాళ్ళం ఎవరికీ తీసిపోం. పేకాటలో రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఎక్కడి కేసులో అనుకున్నారు, సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద జరిగిన రైడు కేసులో, 1967లో. ఆ తీర్పు పట్టుకునే దేశం మొత్తం మీద రమ్మీ యాప్‌లు బతికాయి. అదే సికింద్రాబాద్‌లో 2017 జూన్ నుంచి డబ్బు పెట్టి ఆన్‌లైన్ రమ్మీ ఆడకూడదు, తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి నైపుణ్యం మినహాయింపు తీసేసింది. ఆంధ్రాలో 2020 సెప్టెంబర్ దాకా ఆడొచ్చు, ఆ తర్వాత అక్కడా బంద్.

అంటే ఆ మూడేళ్ళ పైచిలుకు కాలంలో నాగార్జునసాగర్ దగ్గర కృష్ణా నదికి ఒక గట్టున రమ్మీ నైపుణ్యం, ఇంకో గట్టున జూదం. యాప్‌లు తెరవగానే లొకేషన్ అడిగేవి. కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు వెళ్ళి చెట్టు కింద కారాపి ఆడటం ఒక పద్ధతి, కాస్త పెట్రోలు ఖర్చు. ఫోన్‌లో ఫేక్ జీపీఎస్ యాప్ వేసుకోవడం ఇంకో పద్ధతి, ఖర్చు లేదు. వీపీఎన్ ఒక్కటే వేసుకుని లొకేషన్ మారిపోయిందనుకున్న వాళ్ళు కొందరు, వాళ్ళది స్వచ్ఛమైన భక్తి, ఎందుకంటే వీపీఎన్ మార్చేది ఐపీని, జీపీఎస్‌ని కాదు, ఐపీ ముంబై అంటుంటే జీపీఎస్ మియాపూర్ అంటుంది. ఫేక్ జీపీఎస్ వేసినా ఆండ్రాయిడ్ ఊరుకోదు, ఇది బొమ్మ లొకేషన్ అని యాప్‌కి ఒక గుర్తు పెట్టి మరీ అందిస్తుంది, యాప్ దాన్ని చదవాలనుకుంటే చదువుతుంది. వాటి నిబంధనల్లో కూడా ఉండేది, నిషేధం ఉన్న రాష్ట్రం నుంచి లొకేషన్ దాచి ఆడితే అకౌంట్ మూసేస్తాం, అందులో ఉన్నది రాదు అని. సాగర్ డ్యామ్ మీద నడుస్తూ ఆడినోడి గెలుపు ఏ రాష్ట్రానిదో తేల్చే కేసు ఏదీ కోర్టుకి రాలేదు, రెండు రాష్ట్రాలూ కృష్ణా నీళ్ళతో బిజీగా ఉన్నాయి కాబట్టి గానీ లేకపోతే దీనికీ ఒక ట్రిబ్యునల్ పడేది.

2025 ఆగస్టుతో ఆ సరిహద్దు సమస్య తీరిపోయింది. కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ దేశమంతా నిషేధించింది, నైపుణ్యమా అదృష్టమా అన్న చర్చ లేకుండా. నడిపేవాడికి మూడేళ్ళ దాకా జైలు, కోటి దాకా జరిమానా. మన దేశంలో ఆఫీసు పెట్టుకుని, టీవీలో క్రికెటర్లతో యాడ్స్ ఇచ్చి, టీడీఎస్ కోసి మరీ డబ్బులిచ్చిన యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. ద్వీపాల్లో లైసెన్స్ ఉన్నవాళ్ళు ఆపలేదు, వాళ్ళకి అక్కడ జైలు లేదు కదా. నిషేధంతో పాటు బ్లాకింగ్ పెరిగింది, బ్లాకింగ్‌తో పాటు వీపీఎన్ వాడకం పెరిగింది, వీపీఎన్‌తో పాటు ఆ పేరాకి పని పెరిగింది. ఇదివరకు సైటు ఎగ్గొట్టాలంటే ఏదో ఒక సాకు వెతుక్కోవాల్సొచ్చేది. ఇప్పుడు మన వైపు నుంచి ఆడటానికి వచ్చేవాడు సాకు వెంట తీసుకునే వస్తున్నాడు, గుమ్మంలోనే ఇచ్చేస్తున్నాడు.

కోర్టుకెళ్తా అన్నాడు మన కుర్రాడు. వెళ్ళొచ్చు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ముప్పయ్యో సెక్షన్ ఏమంటుందంటే, పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచిందని చెప్పి దావా వేయడానికి వీల్లేదు. తెల్లవాళ్ళు ఆ సెక్షన్‌లో ఒక్క మినహాయింపు పెట్టుకున్నారు, గుర్రప్పందెంలో గెలిచినవాడికిచ్చే ఐదొందలు, ఆపై విలువున్న బహుమతికి. స్లాట్ మెషీన్‌లో గుర్రం బొమ్మ మూడుసార్లు వచ్చింది సార్ అని వాదించొచ్చేమో, లాయర్ గారు ఫీజు ముందే తీసుకుంటారు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తా అంటే అదీ ఆలోచించుకోవాలి, కేంద్రం చట్టంలో ఆడినవాడికి శిక్ష లేకపోయినా మన రెండు రాష్ట్రాల గేమింగ్ చట్టాల్లో ఆడినవాడికీ వడ్డన ఉంది. ఫిర్యాదు రాసుకునే ఎస్ఐ గారు మొదట అడిగేది, "అయితే నువ్వు ఎక్కణ్ణుంచి ఆడావయ్యా?" అనే. ఫిన్లాండ్ అంటే ఆయన నమ్మడు.

దీనంతటిలో ఎక్కడ తేడా కొడుతుందో ముందే తెలుసుకోవడం కష్టమేం కాదు. డబ్బు వేసేటప్పుడు ఒక్క కాయితం అడగకుండా, క్యూఆర్ కోడ్‌లో ఎవడో ముక్కూ మొహం తెలీని మనిషి పేరు చూపిస్తూ, సైటు తెరవడానికే వీపీఎన్ పెట్టుకోమంటూ, నిబంధనల్లో మాత్రం వీపీఎన్ వాడితే గెలుపు రద్దు అని రాసుకున్న చోట, అక్కడ బాలెన్స్ అని కనబడే అంకె మీ డబ్బు కాదు, స్క్రీన్ మీద బొమ్మ. నాలుగు వేలు విత్‌డ్రా ఇచ్చారు కదా బ్రో, జెన్యూనే కదా అంటారు, ఇస్తారు, చిన్నది ఇస్తారు, ఆ పంచాంగం విప్పే ఖర్చు నాలుగు వేలకి గిట్టదు. లక్ష దాటితే గిట్టుతుంది. ఆ స్క్రీన్‌షాటే మళ్ళీ గ్రూపులో ప్రూఫ్‌గా తిరుగుతుంది.

ఇక మన కుర్రాడి విషయానికొస్తే, ఆ పదివేలు వస్తాయని ఇంకా చూస్తున్నాడు, వెనక్కి పంపడానికి సైటు వాళ్ళకి యూపీఐ ఐడీ కావాలట, ఫిన్లాండ్‌ది కాదు, కూకట్‌పల్లిదే. ఈలోపు వాడికి ఇద్దరు కొత్త స్నేహితులు దొరికారు. ఒకడు టెలిగ్రామ్‌లో, ఆగిపోయిన విత్‌డ్రాలు బయటికి తీయిస్తాం, ఐదు వేలు అడ్వాన్స్ అంటున్నాడు. ఇంకోటి వాట్సాప్‌లో వచ్చిన కొత్త సైటు, వేరే పేరు, వేరే రంగు, అదే యజమాని, అట్టడుగున అదే లైసెన్స్ నంబరు, కొత్త కస్టమర్లకి నూటికి రెండొందల బోనస్, వీపీఎన్ సెట్టింగ్ మేమే చేసిస్తాం అని తెలుగులో రాసి మరీ పంపారు.